పదిహేను అంశాలకు రెండు గంటలు

ఒక మండల కేంద్రంలో ప్రభుత్వ ఉపాధ్యాయులకు ఒక రోజు ప్రథమ చికిత్స వర్క్‌షాప్. నలభై మంది వస్తారు. ఉదయం పదికి మొదలు, సాయంత్రం నాలుగున్నరకు ముగింపు. నిర్వాహకుడు ఆ స్కూల్ కాంప్లెక్స్ హెడ్మాస్టరు. ఒక పేజీ షెడ్యూలు తయారుచేసి, "ఓసారి చూసిపెట్టండి, రేపే ప్రింటుకి ఇవ్వాలి" అని నాకు పంపారు.

షెడ్యూలు ఇలా ఉంది. పదికి జ్యోతి ప్రజ్వలన, అతిథుల ప్రసంగాలు. పదిన్నరకు పరిచయాలు, బెలూన్ ఆట. పదకొండుకు ప్రథమ చికిత్స చరిత్ర, ప్రాధాన్యం, మానవ శరీర నిర్మాణం. పదకొండున్నరకు టీ. పదకొండూ ముప్పావు నుంచి ఒంటిగంట వరకు సీపీఆర్, గొంతులో అడ్డుపడటం, రక్తస్రావం, ఎముకలు విరగడం, కాలిన గాయాలు. భోజనం తర్వాత రెండు నుంచి మూడు దాకా పాముకాటు, కుక్కకాటు, ఫిట్స్, నీట మునగడం, కరెంట్ షాక్, వడదెబ్బ, విషం మింగడం, ఆస్తమా. మూడింటికి బృంద కృత్యం, చార్టుల తయారీ, ప్రదర్శన. మూడూ ముప్పావుకి క్విజ్, ఫీడ్‌బ్యాక్. నాలుగుంపావుకి సర్టిఫికెట్లు.

చూడటానికి ఏ లోటూ లేదు. పామును మరిచిపోలేదు, కుక్కను మరిచిపోలేదు. ఆటా ఉంది, పాటకి కాస్త చోటూ దొరుకుతుంది. ఇలాంటి కాగితాన్ని పరిశీలించేటప్పుడు నేను అంశాల జోలికి ముందు పోను. మొదట నిమిషాలు లెక్కపెడతాను.

పది నుంచి నాలుగున్నర వరకు 390 నిమిషాలు. భోజనానికి 60, టీకి 15 పోతాయి. సాయంత్రం టీ కాగితం మీద లేదు గానీ మూడింటికి రాకుండా ఉండదు, దానికో 15. ప్రారంభోత్సవానికి 30, సర్టిఫికెట్లకు 15. మిగిలింది 255. ఇక పదికి అని వేస్తే జనం కూర్చునేసరికి పదిన్నర అవుతుంది. ఇది ఎవరినీ తప్పుపట్టే మాట కాదు, రెండు బస్సులు మారి వచ్చే టీచర్లూ ఉంటారు. ఆ అరగంట కూడా తీసేస్తే చేతికి వచ్చేది 225 నిమిషాలు. ఇందులోంచే పరిచయాలూ బెలూన్లూ 30, చార్టులు 45, క్విజ్ 30 తీసుకుంటాయి. అసలు విషయాలకు మిగిలింది 120 నిమిషాలు. అంశాలు ఎన్నో వేలు పెట్టి లెక్కపెడితే పదిహేను తేలాయి. ఒక్కోదానికి ఎనిమిది నిమిషాలు.

ఎనిమిది నిమిషాల్లో ఏ అంశం గురించైనా చెప్పేయొచ్చు. చెప్పడం అయిపోతుంది కాబట్టే షెడ్యూలు నడిచినట్టు కనిపిస్తుంది, ఫొటోలు వస్తాయి, నివేదికలో పదిహేను అంశాలూ చేరతాయి. ఉపాధ్యాయుడికి అది వచ్చిందా లేదా అన్నది అక్కడ ఎవరూ అడగరు. అందుకని పదిహేనింటిలో ఒకదాన్ని, అన్నిటికన్నా ఎక్కువగా చేతులతో చేయాల్సినదాన్ని తీసుకుని దానికి నిజంగా ఎంత సమయం పడుతుందో చూద్దాం.

సీపీఆర్ అంటే గుండె ఆగినవారి ఛాతీని నొక్కడం. పెద్దవారికైతే ఛాతీ మధ్యలో అరచేతి మడమ ఆనించి, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి రానివ్వాలి. మాటల్లో ఇంతే, అర నిమిషంలో అయిపోయింది. బొమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చున్నప్పుడే అసలు సంగతి తెలుస్తుంది. మొదటిసారి నొక్కే చాలామందికి మోచేతులు వంగిపోతాయి. భుజాల బరువు కిందికి దిగదు, చేతుల బలంతోనే నొక్కుతారు, ఇరవై నొక్కుళ్లకే ఆయాసం వస్తుంది. కొందరు భయంతో పైపైన నొక్కుతారు. మరికొందరు మరీ వేగంగా పోతూ చేతులు ఎత్తకుండా ఛాతీ మీదే వాలిపోతారు, దాంతో గుండెలోకి మళ్లీ రక్తం నిండే వీలుండదు. ఇవేవీ చేసేవాళ్లకు తమంతట తాము తెలియవు. పక్కన నిలబడి ఎవరో చూసి చెప్పాలి.

అలసట రాగానే నొక్కుడు లోతు తగ్గిపోతుంది కాబట్టి రెండు నిమిషాలకోసారి మనిషి మారాలన్నది నియమం. కాబట్టి సాధన కూడా కనీసం రెండు నిమిషాలు ఉండాలి. పది నొక్కుళ్లు నొక్కించి "బాగుంది, తర్వాతి వాళ్లు రండి" అంటే ఆ అలసట ఎలా ఉంటుందో వాళ్లకు తెలియకుండానే లేచి వెళతారు. కూర్చోవడానికి, లేవడానికి, తప్పు దిద్దడానికి ఇంకో నిమిషం కలిపితే మనిషికి మూడు నిమిషాలు. నలభై మందికి 120. బొమ్మలు ఎన్ని అని అడిగాను. రెండు అన్నారు. రెండు బొమ్మల మీద ఒక విడతకే గంట పడుతుంది. మొదటి విడతలో తప్పు తెలుస్తుంది, దాన్ని దిద్దుకోవాలంటే రెండో విడత కావాలి. అంటే రెండు గంటలు. పదిహేను అంశాలకూ కలిపి మన దగ్గరున్నదే రెండు గంటలు.

కాబట్టి ఈ షెడ్యూలు ఎక్కడ తెగుతుందో ముందే చెప్పేయొచ్చు. పన్నెండున్నర ప్రాంతంలో నలుగురు బొమ్మను నొక్కుతారు, మిగతావాళ్లు చుట్టూ నిలబడి ఫోన్‌లో వీడియో తీసుకుంటారు. "టైమ్ అయిపోతోంది, మిగతావాళ్లు భోజనం తర్వాత చేద్దురు" అంటారు. భోజనం తర్వాత పాము, కుక్క, కరెంటు కాచుకుని ఉంటాయి. ఆ ముప్పై ఆరు మంది చెయ్యి ఇక బొమ్మకు తగలదు. సాయంత్రం సర్టిఫికెట్ మాత్రం నలభై మందికీ వస్తుంది. అందుకే పరిశీలనలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న, పరికరాలు ఎన్ని అన్నది. షెడ్యూలులో ఆ వరుసే ఉండదు. మనుషుల సంఖ్యను ఒక్కొక్కరికి పట్టే నిమిషాలతో గుణించి, పరికరాల సంఖ్యతో భాగిస్తే వచ్చేదే ఆ అంశానికి కావలసిన సమయం. దీనికి కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు. కానీ షెడ్యూలు రాసేటప్పుడు ఈ లెక్క వేసినవాళ్లు నాకు అరుదుగా తగిలారు.

పాఠాల రూపకల్పన మీద గ్రాంట్ విగిన్స్, జే మెక్‌టై అనే ఇద్దరు అమెరికన్ విద్యావేత్తలు 1998లో ఒక పుస్తకం రాశారు. ప్రణాళికల్లో తరచూ కనిపించే రెండు లోపాలను అందులో కవల పాపాలుగా చెప్పారు. సిలబస్‌ను ఎలాగోలా పూర్తిచేయడమే పనిగా పెట్టుకోవడం ఒకటి. నేర్చుకునేదానితో సంబంధం లేని కృత్యాలతో చేతులకు పని కల్పించడం రెండోది. వాళ్లు రాసింది బడి పాఠాల గురించే గానీ, మన చేతిలో ఉన్న ఈ ఒక్క పేజీలో కవలలు ఇద్దరూ హాయిగా కాపురం ఉంటున్నారు. మొదటివాడు ఉదయాన్నీ మధ్యాహ్నాన్నీ తినేస్తే, రెండోవాడు మూడింటికి మొదలుపెట్టాడు.

రెండోవాడి సంగతి చూద్దాం. 'బృంద కృత్యం' అని రాసి ఉన్నచోట నేను అడిగేది ఒకటే. దీన్ని తీసేస్తే సాయంత్రం ఇంటికి వెళ్లే మనిషికి ఏ పని చేతకాకుండా పోతుంది? చార్టుల తయారీకి ఈ ప్రశ్న వేసి చూడండి. ఐదుగురేసి ఎనిమిది బృందాలు. ఒకరు స్కెచ్ పెన్నుతో సీపీఆర్ బొమ్మ గీస్తారు, ఒకరు అక్షరాలు దిద్దుతారు, ముగ్గురు చూస్తారు. తర్వాత ఒక్కో బృందం ఐదు నిమిషాలు ప్రదర్శిస్తే 40 నిమిషాలు. కేటాయించిందే 45, కాబట్టి గీయడానికి మిగిలేది ఐదు నిమిషాలే. సమయం లెక్కలోనే ఓడిపోయింది. పోనీ సమయం ఇచ్చినా ఫలితం చక్కటి చార్టే. అది గోడకెక్కుతుంది. ఎవరి చేతిలోనూ ఏమీ మారదు.

బెలూన్ ఆటకు ఇంత చర్చ అక్కర్లేదు. పరిచయాలకు మాత్రం ఒక ప్రయోజనం కల్పించవచ్చు. పేరు, ఊరు, సబ్జెక్టు చెప్పించే బదులు "గత ఏడాది మీ బడిలో ఎవరికైనా ఫిట్స్ వచ్చాయా? ఎముక విరిగిందా? వంటగదిలో కాలిందా? పాము కనిపించిందా?" అని ఒక్కొక్కటే అడుగుతూ చేతులెత్తించాలి. పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. మనుషులు కబుర్లలో పడతారు, శిక్షకుడికి ఆ గదిలో ఏది ఎక్కువ అవసరమో తెలుస్తుంది.

ఆడించడమే తప్పని నేను అనను. మధ్యాహ్నం రెండింటికి, పప్పన్నం తిన్నాక, నలభై మందిని కుర్చీల్లో కూర్చోబెట్టి గంటలో ఎనిమిది అంశాలు చెప్పడం కన్నా ఏ ఆటైనా నయమే. కాకపోతే ఆ మగతను పోగొట్టడానికి వేరే ఆట వెతుక్కోనక్కర్లేదు. బొమ్మలు ఉన్నాయి కదా, మోకాళ్ల మీద కూర్చోబెట్టి నొక్కించండి.

క్విజ్ ఇంకాస్త మోసపూరితమైనది. పరీక్షలాగే కనిపిస్తుంది, అందుకని ఎవరికీ అనుమానం రాదు. అందులో ప్రశ్నలు చూశాను. సీపీఆర్ పూర్తి రూపం ఏమిటి, మనిషి శరీరంలో ఎముకలెన్ని, 108 సేవ ఏ సంవత్సరంలో మొదలైంది. 2005 అని తెలిసిన మాస్టారు ఆ నంబరుకు ఫోన్ చేసి బడి ఎక్కడుందో గుర్తుపట్టేలా చెప్పగలరా అన్నది వేరే విషయం. నేర్పింది చేతి పని అయితే పరీక్షా చేతికే పెట్టాలి. అమెరికాకు చెందిన రాబర్ట్ మేగర్ 1962లోనే ఈ సంగతి నొక్కి చెప్పారు. లక్ష్యం రాసేటప్పుడు మనకు కంటికి కనిపించే పనిని రాయాలని, 'తెలుసుకుంటారు', 'అర్థం చేసుకుంటారు' లాంటి మాటలకు ఎవరికి తోచిన అర్థం వాళ్లు చెప్పుకోవచ్చని ఆయన వాదన. మన షెడ్యూళ్లలో ఆ స్థానం 'అవగాహన కల్పించుట'ది. ఆ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడితే ఎక్కడెక్కడ కోత పెట్టాలో దాదాపు తెలిసిపోతుంది.

కోత గురించి హెడ్మాస్టరుతో మాట్లాడినప్పుడు ఆయన మొదట అన్నది, "పాముకాటు లేకుండా ఎలాగండీ? పొలాల పక్క బడులు. రేపేమైనా అయితే నన్నే అడుగుతారు." ఆ భయంలో నిజం ఉంది. ఇలాంటి కాగితాలు ఉబ్బిపోవడానికి చాలాసార్లు అదే కారణం. ఒక అంశాన్ని వదిలేసినందుకు నిలదీస్తారు గానీ, చేర్చిన అంశం ఎవరికీ రాలేదని ఎవరూ నిలదీయరు. పైగా పిలిచిన ప్రతి డాక్టరుగారూ తన విభాగం ఒకటి కలపమంటారు, కాదనలేం.

"పామును తీసేయమనడం లేదు సార్," అన్నాను. "దానికి సాధన అక్కర్లేదు, అదీ సంగతి." అంశాలను ఉంచాలా తీసేయాలా అని రెండు ముక్కలు చేస్తే ఎప్పుడూ తగవే. ఏది చేతికి రావాలి, ఏది చెవికెక్కితే చాలు, ఏది కాగితం మీద ఉంటే సరిపోతుంది అని వేరుచేస్తే సగం తగవు తీరుతుంది.

పాముకాటు రెండో రకం. అక్కడ కొత్తగా నేర్చుకోవాల్సిన దానికన్నా మానుకోవాల్సింది ఎక్కువ. తాడుతో బిగించి కట్టకూడదు, కోయకూడదు, నోటితో పీల్చకూడదు, మంత్రాల వాళ్ల దగ్గరికి తిప్పకూడదు. కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, ఉంగరాలూ గొలుసులూ తీసి, విషానికి విరుగుడు మందున్న ఆసుపత్రికి చేర్చాలి. కుక్కకాటూ అంతే. సబ్బుతో, ధారగా పడే నీటి కింద పదిహేను నిమిషాలు కడగడం, ఆ తర్వాత టీకా. కాలిన చోట పేస్టు, సిరా, పసుపు పూయకుండా ఇరవై నిమిషాలు చల్లటి నీటి ధార కింద ఉంచడం. ఫిట్స్ వచ్చిన పిల్లవాడి చేతిలో తాళాలు పెట్టకుండా, నోట్లో చెంచా దూర్చకుండా, చుట్టూ ఉన్న బెంచీలు జరిపి, వణుకు తగ్గాక పక్కకు తిప్పి పడుకోబెట్టడం. ఈ నాలుగూ వేర్వేరు పాఠాలుగా పెడితే గంట పడుతుంది. 'చేయకూడనివి' అని ఒకే పేరు కింద కలిపితే అరగంట చాలు. మీ ఊళ్లో ఏం చేస్తారని ముందు వాళ్లనే అడిగితే పసుపు, తాళాలు, తాడు వాటంతటవే బయటికొస్తాయి.

కరెంట్ షాక్‌కి, నీట మునగడానికి విడి పాఠం అక్కర్లేదు. మెయిన్ ఆపకుండా మనిషిని ముట్టుకోవద్దన్నది, ఈత రాకుండా దూకవద్దన్నది ఒక్కో మాట. ఆ మనిషి ఊపిరి తీసుకోకపోతే తర్వాత చేయాల్సింది సీపీఆరే, కాబట్టి అవి అందులో కలిసిపోతాయి. వడదెబ్బ, విషం, ఆస్తమా రెండు పేజీల కరపత్రంలోకి వెళ్తాయి. రెండే పేజీలు అని గట్టిగా చెప్పాలి. లేకపోతే షెడ్యూలులో కోసిందంతా కరపత్రంలోకి చేరి అది పుస్తకమవుతుంది, ఎవరూ చదవరు. చరిత్ర, శరీర నిర్మాణం పూర్తిగా పోయాయి. గుండె ఎక్కడుందో బొమ్మ ముందు కూర్చున్నప్పుడు చెబితే చాలు.

ఇక మిగిలిన పెద్ద అడ్డంకి బొమ్మలు. రెండే ఉంటే నలభై మందిని ఒకే రోజు పిలవకూడదు, ఇరవై మంది చొప్పున రెండు రోజులు పెట్టుకోవాలి. అలా కుదరదంటే దగ్గర్లోని నర్సింగ్ కాలేజీనో, జిల్లా రెడ్‌క్రాస్ శాఖనో అడిగి ఇంకో రెండు తెచ్చుకోవాలి. నాలుగు బొమ్మలైతే ఒక విడత అరగంటలో అవుతుంది. బొమ్మకో శిక్షకుడు ఉండాలన్నది మరిచిపోకూడదు. దిండు మీద సాధన చేయించవచ్చు కదా అని హెడ్మాస్టరు అడిగారు. చేతులు పెట్టే తీరుకు, వేగానికి దిండు పనికొస్తుంది. ఛాతీ ఎంత గట్టిగా ఉంటుందో, 5 సెంటీమీటర్లు దిగాలంటే ఎంత బలం కావాలో దిండు చెప్పదు. తన వంతు కోసం చూస్తున్నవాళ్లకు దిండు, వంతు వచ్చినవాళ్లకు బొమ్మ అని ఒప్పందానికి వచ్చాం.

ప్రారంభోత్సవాన్ని రద్దు చేయమని సలహా ఇచ్చేంత అమాయకత్వం నాకు లేదు. కానీ ఉదయం ఒక సభ, సాయంత్రం ఒక సభ ఎందుకు? అతిథులను నాలుగింటికి రమ్మంటే జ్యోతీ ప్రసంగాలూ సర్టిఫికెట్లూ ఒకే అరగంటలో పూర్తవుతాయి. అతిథి ఆలస్యమైనా పాఠం ఆగదు. మొత్తం మార్పుల్లో ఆయన అన్నిటికన్నా సులువుగా ఒప్పుకున్నది ఇదేనంటే నాకే ఆశ్చర్యం వేసింది.

సవరించిన షెడ్యూలు పదిన్నరకు మొదలైంది. పదిహేను నిమిషాలు చేతులెత్తే ప్రశ్నలు. తర్వాత యాభై నిమిషాలు సీపీఆర్. ఇరవై నిమిషాల్లో భుజం తట్టి పిలవడం, పది సెకన్లు మించకుండా ఊపిరి చూడటం, 108కి ఫోన్ చేయించడం, నొక్కడం చూపించి, అరగంటలో మొదటి విడత, నొక్కుడు మాత్రమే. టీ. ఆ తర్వాత నలభై నిమిషాలు జంటలుగా కట్లు. గాయాన్ని గట్టిగా నొక్కిపట్టడం, విరిగిన చేతికి స్కేలుతోనూ చున్నీతోనూ ఆధారం కట్టడం. ఇంకో అరగంట గొంతులో అడ్డుపడినప్పుడు వీపు మీద ఐదు చరుపులు, కడుపు మీద ఐదు తోపులు, స్పృహ లేనివారిని పక్కకు తిప్పడం. కడుపు తోపులో చేతులు ఎక్కడ పెట్టాలో చూపించి ఆగిపోవాలి. పక్కనున్న మాస్టారి మీద నిజంగా తోయిస్తే రెండో రోగి తయారవుతాడు.

భోజనం కాగానే రెండో విడత. ఈసారి ముప్పై నొక్కుళ్లకు రెండు ఊపిరుల చొప్పున. పిల్లల విషయంలో, నీట మునిగినవారి విషయంలో ఊపిరి అందించడమూ ముఖ్యమే కాబట్టి దాన్ని వదిలేయలేం. అందుకు మనిషికో తొడుగు కావాలన్నది కొనుగోలు జాబితాలోకి ఎక్కింది. రెండు విడతల మధ్య కొన్ని గంటల విరామం రావడం కలిసొచ్చింది. ఒకేసారి వరసగా చేసినదానికన్నా ఎడం ఇచ్చి చేసినది ఎక్కువగా గుర్తుంటుంది. తర్వాత అరగంట 'చేయకూడనివి'. టీ. ఆఖరి ఇరవై ఐదు నిమిషాలు క్విజ్ బదులు చీటీలు. 'ఏడో తరగతి పిల్లవాడు గ్రౌండ్‌లో పడిపోయాడు, కదలడం లేదు' అని ఒక చీటీ. తీసిన బృందం అక్కడికక్కడే చేసి చూపించాలి. 108కి ఫోన్ చేసేవాళ్లు బడి గుర్తులు చెప్పాలి, గేటు తాళం ఎవరి దగ్గరుందో చెప్పాలి. ఈ వివరాలు రాసే ఒక పేజీ ఫారాన్ని ముందే పంపి బడి దగ్గరే నింపుకుని రమ్మన్నాం. చార్టు చేయలేని పని ఈ ఫారం చేస్తుంది.

ఇదంతా కూడితే 220 నిమిషాలు. మనకున్నవి 240. ఆ మిగిలిన ఇరవైని చూసి హెడ్మాస్టరు, "ఇందులో ఆస్తమా పెడదామా?" అన్నారు. వద్దన్నాను. బొమ్మ దగ్గర ఒక బృందం ఆలస్యమైతే, కరెంటు పోతే, ఎవరో మంచి ప్రశ్న అడిగితే ఆ ఇరవై నిమిషాల్లోంచే ఇవ్వాలి. ఖాళీ లేని షెడ్యూలులో ఆలస్యం ఎప్పుడూ చివరి అంశం మెడకే చుట్టుకుంటుంది. మన షెడ్యూలులో చివరిది ఆ చీటీలే, అంటే అసలు పరీక్ష.

ఈ సవరణ కూడా చేయలేనిది ఒకటుంది. సీపీఆర్ నైపుణ్యం కొన్ని నెలల్లోనే సడలిపోతుంది. ఒక రోజు ఎంత బాగా నేర్పినా ఏడాది తర్వాత మోచేతులు మళ్లీ వంగుతాయి. అందుకని షెడ్యూలు అడుగున ఒక వరుస చేర్పించాను. ఆరు నెలల తర్వాత జరిగే కాంప్లెక్స్ సమావేశంలో గంటసేపు, బొమ్మలతో, ఒక్క విడత. తేదీ వేసే చోటు ఖాళీగా ఉంది. "ముందు ఇది కానివ్వండి" అన్నారు హెడ్మాస్టరు. తేదీ వేశాకే ప్రింటుకి ఇవ్వండి అన్నాను.